భయపడే కొత్తవాళ్లకు ఎనిమిది వారాల మెయిల్ కోర్సు: నా వరుస ఎక్కడ తప్పింది?

శ్రావణి_నల్లకుంట
అందరికీ నమస్తే. నేను నల్లకుంటలో డిగ్రీ పిల్లలకు ఇంటర్వ్యూలకు తయారవడం నేర్పుతుంటాను. నలుగురి ముందు నోరు విప్పాలంటే చేతులు చల్లబడేవాళ్ల కోసం, వారానికో మెయిల్ చొప్పున ఎనిమిది వారాల కోర్సు ఒకటి రాశాను. ఫీజేమీ లేదు. మొదటి విడతగా 22 మందికి పంపాను.

నాలుగో వారం దాకా అందరూ "చాలా బాగుంది మేడం" అని జవాబులిచ్చారు. ఏడో వారంలో "ఇద్దరి ముందు మూడు నిమిషాలు మాట్లాడి, ఎలా జరిగిందో రాయండి" అన్నాను. రాసింది ఐదుగురు. ఎనిమిదో వారం ఐదు నిమిషాల ప్రసంగం చేసింది ఇద్దరే. ఆ ఇద్దరూ మొదటినుంచీ కాస్తో కూస్తో మాట్లాడగలిగినవాళ్లు. మరి నా కోర్సు ఎవరికి పనికొచ్చినట్టు?

నా వరుస ఇది. మొదటి వారం భయం ఎందుకు వస్తుంది, రెండు ఊపిరి, మూడు నిలబడే తీరు, చేతులు, నాలుగు గొంతు, ఐదు ప్రసంగాన్ని అల్లడం, ఆరు స్లైడ్లు, ఏడు సాధన, ఎనిమిది ప్రసంగం. మొహమాటం లేకుండా చెప్పండి.

కిరణ్_మియాపూర్
శ్రావణి గారూ, మూడో వారాన్ని ముందుకు జరపండి. మనం చెప్పేదాంట్లో మాటల విలువ 7 శాతమే, మిగతా 93 శాతం ఒంటి భాష, గొంతు అని మా ఆఫీసు ట్రైనింగులో చెప్పారు. ఒంటిని సరిచేస్తే ధైర్యం దానంతటదే వస్తుంది. మాట్లాడబోయే ముందు గట్టిగా లోపలికి మూడుసార్లు ఊపిరి పీల్చమనండి. నాకు పనిచేసింది.

బోడుప్పల్_బాబాయ్
అమ్మా శ్రావణీ, ఈ మెయిళ్లు ఎందుకు తల్లీ, వాట్సాప్‌లో పంపితే పోలా? నా సంగతి చెప్తా విను. మా కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. ఆగస్టు 15న జెండా ఎగరేశాక మాట్లాడమన్నారు. రెండు పేజీలు రాసుకుని పోయాను. కాగితం తీసేసరికి చెయ్యి వణికింది, ఆ కాగితం మైకు ముందు ఫరఫరలాడింది. ఆ చప్పుడంతా సౌండు బాక్సులో వినపడింది! ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. అప్పటినుంచి "నాకు గొంతు బాగోలేదు" అని వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నా. ఈ మైకు సమస్యకు ఏ కంపెనీది కొనుక్కోవాలో ఎవరైనా చెప్పండి.

సుధ_తార్నాక
శ్రావణీ, మీ కోర్సులో విషయం తప్పు లేదు, వరుసే తిరగబడింది. ఆరు వారాలు చదివించారు, ఒక్కసారి కూడా మాట్లాడించలేదు. భయమున్నవాళ్లకు చదవడం హాయిగా ఉంటుంది. అందుకే మీకు అన్ని మెచ్చుకోళ్లు వచ్చాయి. పైగా "ఊపిరి, చేతులు, గొంతు అన్నీ సరిచేసుకున్నాకే నోరు తెరవాలి" అనే వాళ్ల పాత నమ్మకాన్నే మీ ఆరు మెయిళ్లు బలపరిచాయి. ఏడో వారంలో ఒక్కసారిగా గోడ ఎక్కమన్నారు.

నేను కౌన్సెలింగ్ చేస్తాను. ఇలాంటి బృందాలను పన్నెండేళ్లుగా నడుపుతున్నాను. నేనైతే మొదటి మెయిల్‌లోనే మాట్లాడిస్తాను. ఒంటరిగా, నిలబడి, ఫోన్‌లో ఒక్క నిమిషం రికార్డింగు, విషయం "మా ఇంటి నుంచి దగ్గర్లోని మెట్రో స్టేషన్‌కు దారి". ఆలోచించాల్సిన పనిలేని విషయం కావాలి, ఎందుకంటే ఆ వారం నేర్చుకునేది విషయం గురించి కాదు.

కిరణ్ గారూ, ఆ 7, 93 లెక్క మెహ్రాబియన్ అనే సైకాలజిస్టుది. 1967లో ఆయన పరీక్షించింది, ఒకే మాటను ఇష్టంగానో అయిష్టంగానో పలికినప్పుడు వినేవాడు దేన్ని నమ్ముతాడు అన్నది. ప్రసంగం మొత్తానికి అది వర్తించదు. అలా అయితే తమిళంలో చేసిన ప్రసంగం మనకు 93 శాతం అర్థం కావాలి కదా. ఊపిరి మాటలో మీరు సగం రైటు. గట్టిగా లోపలికి పీల్చడం వల్ల కొందరికి తల తిరుగుతుంది, వేళ్లు చిమచిమలాడతాయి, అది చూసి ఇంకా భయపడతారు. పీల్చడం మామూలుగా, వదలడం దానికి రెట్టింపు నెమ్మదిగా అని రాయండి. అది రెండు వాక్యాలు, దానికి ఒక వారం అక్కర్లేదు.

బాబాయ్ గారూ, మీది మైకు సమస్య కాదండీ. ఏ4 కాగితం వేళ్ల చిన్న వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. అదే మాటల్ని అరచేతిలో పట్టే అట్టముక్క మీద నాలుగు పదాలుగా రాసుకుంటే ఎవరికీ కనపడదు, వినపడదు. కానీ మీరు చెప్పినదాంట్లో నాకు ముఖ్యంగా తోచింది ఆ తర్వాతి మాట. "గొంతు బాగోలేదు" అని తప్పించుకున్న ప్రతిసారీ పిల్లల నవ్వు మీ మనసులో ఇంకాస్త పెద్దదైంది.

బోడుప్పల్_బాబాయ్
అట్టముక్క సంగతి బాగుంది. పెళ్లి కార్డు వెనక రాసుకుంటా. మిగతాది ఆలోచించాలి.

శ్రావణి_నల్లకుంట
సుధ గారూ, మొదటి మెయిల్‌లోనే మాట్లాడమంటే 22 మందిలో సగం మంది ఆ రోజే పారిపోరా? నా భయం అదే.

సుధ_తార్నాక
కొందరు పోతారు. మీకు ఏడో వారంలో పోయినవాళ్లే మొదటి వారంలో పోతారు, అంతే తేడా. కానీ మొదటి మెట్టు ఎంత చిన్నదంటే, వినేవాడే లేడు. పైగా ఆ మెట్టుకు ముందూ వెనకా ఒక చీటీ పెడతాను. నా కోర్సంతా ఆ చీటీ మీదే నడుస్తుంది.

మాట్లాడే ముందు రాయాల్సింది: "ఏం జరుగుతుందని భయపడుతున్నాను?" ఇక్కడ "టెన్షన్ పడతాను" అని రాస్తే ఒప్పుకోను. అది ఎలాగూ జరుగుతుంది, దాన్ని తేల్చేదేమీ లేదు. "మధ్యలో పది సెకన్లు మాట రాదు", "ఎవరో ఒకరు నవ్వుతారు", "మేనేజర్ ఆపేస్తాడు", ఇలా జరిగిందో లేదో పక్కవాడు కూడా చెప్పగలిగేలా ఉండాలి. దాని పక్కన, అది జరుగుతుందని ఎంత నమ్మకమో 0 నుంచి 100 లోపు ఒక అంకె. మాట్లాడాక మూడు మాటలు: జరిగిందా, జరిగితే తర్వాత ఏమైంది, అనుకోనిది ఏమైనా ఉందా.

ఒక ఉదాహరణ చెప్తాను, ఆ అమ్మాయి అనుమతితోనే. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. రోజూ పొద్దున టీం మీటింగులో అరనిమిషం చెప్పాలి, నెలాఖర్లో నాలుగు నిమిషాల డెమో ఇవ్వాలి. డెమో రోజున రెండుసార్లు సెలవు పెట్టింది.

మొదటి వారం ఫోన్‌కు, రెండో వారం హాస్టల్లో రూమ్మేట్‌కు అదే మెట్రో దారి చెప్పింది. మూడో వారం రూమ్మేటే వీడియో తీసింది. వీడియో చూసేముందు రాయించాను: "నా చెయ్యి వణకడం స్పష్టంగా కనిపిస్తుంది, నమ్మకం 80." తర్వాత, అది ఎవరో తెలియని అమ్మాయి అనుకుని చూడమన్నాను. చూసి రాసింది: "చెయ్యి వణకడం వెతికితే కనపడింది. కానీ ఇంత వేగంగా మాట్లాడుతున్నానని నాకు తెలియదు." ముందు చీటీ రాయకుండా వీడియో ఒక్కటే చూపిస్తే భయమున్నవాళ్లు తమ లోపల అనిపించిందే తెర మీదా చూస్తారు. ఆ పని చేసి నేనొకసారి చేతులు కాల్చుకున్నాను.

నాలుగో వారం పని, టీం మీటింగులో ఒక ప్రశ్న అడగడం. అడగలేదు. "టైం దొరకలేదు" అని రాసింది. వారమంతా, ఐదు మీటింగుల్లో, టైం దొరకలేదు! ఇలాంటి జవాబు వస్తే మెట్టు ఎత్తుగా ఉందని అర్థం. సగానికి కోశాం. ప్రశ్న వద్దు, "ఈరోజు నేను మొదట చెప్తాను" అనే ఒక్క వాక్యం చాలు అన్నాను. అది చేసింది. చివరి దాకా తన వంతు కోసం ఎదురు చూస్తూ కూర్చునే ఏడు నిమిషాలే ఎక్కువ బాధ పెట్టేవని అప్పుడు తెలిసింది.

ఐదో వారం నాకు చాలా ఇష్టమైనది. ఆమె రోజూ ల్యాప్‌టాప్ తెర మీద రాసుకున్నది చూసి చదివేది. బాగానే జరిగిపోయేది, కానీ ప్రతిసారీ "తెర ఉంది కాబట్టి గట్టెక్కాను" అనుకునేది. అలాంటి వాటిని నేను ఊతకర్రలు అంటాను: తెర చూసి చదవడం, త్వరగా అయిపోవాలని పరుగెత్తడం, రెండు చేతులతో సీసా పట్టుకోవడం, ఎవరి కళ్లూ చూడకుండా గోడ గడియారం చూడటం. ఆ వారం రెండు రోజులు తెరతో, రెండు రోజులు తెర మూసి చెప్పమన్నాను. చీటీలో రాసింది: "రెండో అంశం మర్చిపోతాను, నమ్మకం 90." నిజంగానే మర్చిపోయింది. టీం లీడ్ "లాగిన్ బగ్ సంగతి?" అని అడిగాడు, చెప్పింది, పక్కవాళ్లకు వంతు వెళ్లింది. భయపడ్డది జరిగింది, దాని ఖరీదు నాలుగు సెకన్లు. "ఏమీ జరగదు, భయపడకు" అని నేను నూరుసార్లు చెప్పినా ఈ పాఠం రాదు. ఎందుకంటే అప్పుడప్పుడూ జరుగుతుంది కదా.

కిరణ్_మియాపూర్
93 శాతం సంగతి ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాను, పరువు పోయింది. సరే, ఒక అనుమానం. ఎనిమిదో వారానికి ఆ అమ్మాయికి భయం ఎంత తగ్గింది? కోర్సు పనిచేసిందనడానికి కొలత అదేగా?

సుధ_తార్నాక
మొదట్లో నేనూ అలాగే అనుకునేదాన్ని. డెమో రోజు లేచి నిలబడే క్షణంలో ఆమె భయం 100కి 70. మొదటి వారం ఫోన్ ముందు కూడా 70 రాసింది! కానీ ఇక్కడ ఎదుట పదకొండు మంది ఉన్నారు, సెలవు పెట్టలేదు. రెండో నిమిషానికి 40. చాలామందికి నోరు తెరిచే క్షణంలో, మొదటి నిమిషంలో భయం తారస్థాయిలో ఉండి, తర్వాత దిగుతుంది. అందుకే మొత్తం బట్టీ పట్టొద్దు, మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపినా వచ్చేలా ఉండాలి అంటాను.

భయం తగ్గడాన్నే కొలతగా పెడితే, ఒక రోజు గుండె దడదడలాడగానే "కోర్సు వృథా" అనుకుని మానేస్తారు. చీటీలో భయపడ్డవి ఎన్ని జరిగాయి, జరిగినా నష్టమెంత, తప్పించుకున్నవి ఎన్ని. నేను చూసేవి అవే.

హరి_కూకట్‌పల్లి
నాకు మా డాక్టర్ ప్రొప్రనలాల్ రాశారు. ప్రెజెంటేషన్‌కు ముందు వేసుకుంటే చెయ్యి వణకదు, గుండె కొట్టుకోదు. ఇంత సులువుగా అయ్యేదానికి ఎనిమిది వారాలు ఎందుకు? ఒక మెయిల్‌లో ఇది కూడా రాయొచ్చుగా శ్రావణి గారూ.

సుధ_తార్నాక
హరి గారూ, మీ డాక్టర్ మిమ్మల్ని చూసి రాశారు, అది వేరు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకూ పనికిరాదు. ముఖం చూడకుండా 22 మందికి వెళ్లే మెయిల్‌లో మందు పేరు ఉండకూడదు. వణుకు ఆపుతుంది, నిజమే. కానీ "మాత్ర ఉంది కాబట్టి గట్టెక్కాను" అనే ఊతకర్ర కూడా అవ్వగలదు. మానమని నేను చెప్పను, అది మీకూ మీ డాక్టర్‌కూ మధ్య విషయం.

శ్రావణీ, దీనికి సంబంధించి మొదటి మెయిల్‌లోనే ఒక పేరా పెట్టండి. మాట్లాడటమే కాదు, నలుగురిలో తినాలన్నా, ఫోన్ ఎత్తాలన్నా భయపడేవాళ్లు, వైవాలు ఎగ్గొట్టి సంవత్సరం పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు మెయిల్ కోర్సు చాలదు, క్లినికల్ సైకాలజిస్టును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. అది రాయండి.

హరి_కూకట్‌పల్లి
నాకైతే పనిచేస్తోంది, మారే ఉద్దేశం లేదు. ఆస్తమా సంగతి మాత్రం తెలియదు, మా తమ్ముడికి ఒకటి ఇద్దామనుకున్నా. వాడికి ఆస్తమా ఉంది. మంచి పని చేశారు చెప్పి.

దిలీప్_మెయిల్‌వాలా
నేను మెయిళ్ల వైపు నుంచి చెప్తా, ఉపన్యాసాల సంగతి నాకు తెలియదు. శ్రావణి గారూ, 22 మందీ మెయిళ్లు చదువుతున్నారో లేదో ఎలా చూస్తున్నారు? మెయిల్‌లోని బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్కేసే ఓపెన్ రేటు చూసైతే నమ్మకండి. 2021 నుంచి యాపిల్ మెయిల్‌లో ప్రైవసీ సెట్టింగు పెట్టుకున్నవాళ్ల మెయిల్‌లోని బొమ్మల్ని, వాళ్లు తెరవకపోయినా ముందే దించేస్తోంది. మీ లెక్కలో అది చదివినట్టే పడుతుంది. జవాబు వచ్చిన చీటీలు లెక్కపెట్టండి చాలు.

ఇంకొకటి, మెయిల్‌కు ఒక్క పనే. ఆ పని మొదటి మూడు లైన్లలో ఉండాలి, కథలు కిందకి. ఫోన్‌లో మెట్రోలో చదువుతారు, అమీర్‌పేటలో రైలు మారేలోపు పనేంటో తెలియాలి. చీటీకి గూగుల్ ఫారం పెట్టకండి. అదే మెయిల్‌కు జవాబుగా రాయమనండి. మనిషికి రాస్తున్నామనుకుంటే రాస్తారు, ఫారం అంటే తర్వాత చూద్దామనుకుంటారు. రాయనివాళ్లకు మూడో రోజున రెండు లైన్లలో గుర్తుచేయండి.

సుధ_తార్నాక
చీటీ రానివాళ్లకు తర్వాతి మెయిల్ పంపకూడదని నా పద్ధతి. మెట్టు ఎక్కకుండా పై మెట్టు గురించి చదివితే మళ్లీ మొదటికే వస్తాం.

దిలీప్_మెయిల్‌వాలా
అక్కడ మీతో ఒప్పుకోలేను మేడం. మెయిల్ ఆగితే మనిషి మర్చిపోతాడు, నెల తర్వాత పంపితే "ఎవరీమె?" అని స్పామ్ నొక్కుతాడు. మీ బృందంలో మనుషులు ఎదురుగా ఉంటారు, ఇక్కడ ఉండరు. చీటీ రాకపోతే తర్వాతి వారం కూడా పాత పనినే, సగానికి కోసి పంపండి. సాఫ్ట్‌వేర్‌లో అది పెద్ద పనేం కాదు.

సుధ_తార్నాక
అలా పంపితే ఎనిమిది వారాలు పదకొండు అవుతాయి కదా?

దిలీప్_మెయిల్‌వాలా
అవుతాయి. కొందరికి పదిహేను. "ఎనిమిది" అని పేరు పెట్టడంలోనే తిరకాసు ఉంది.

నస్రీన్_మెహదీపట్నం
ఒక మాట అడగొచ్చా? అందరూ భయం అంటున్నారు. నేను తెలుగులో, ఉర్దూలో ఎంతసేపైనా మాట్లాడగలను, పెళ్లిళ్లలో నన్ను ఆపాలి. ఆఫీసులో ఇంగ్లీషు అనేసరికి నోరు మూతపడుతుంది. ఈ కోర్సు నాకా, కాదా? మెట్రో దారి ఏ భాషలో చెప్పాలి?

శ్రావణి_నల్లకుంట
నస్రీన్, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే అంటారు. నేను మొదటినుంచీ ఇంగ్లీషులోనే చేయించాను.

సుధ_తార్నాక
మొదటి వారం రికార్డింగు రెండుసార్లు చేయించి చూడండి, ఒకటి ఇంట్లో మాట్లాడే భాషలో, ఒకటి ఇంగ్లీషులో. రెంటిలోనూ గొంతు బిగుసుకుంటే అది జనం భయం, మొదటి మూడు వారాలు సొంత భాషలోనే నడపాలి. ఇంగ్లీషులో మాత్రమే ఆగిపోతుంటే మాటలు దొరక్క ఆగుతున్నారా, తప్పు దొర్లుతుందని ఆగుతున్నారా చూడాలి. మాటలు దొరక్కపోతే అది భాషా సాధన, ఈ కోర్సు కాదు. తప్పుల భయమైతే ఈ చీటీ పనికొస్తుంది: "వ్యాకరణం తప్పితే ఎవరైనా సరిదిద్దుతారు, నమ్మకం ఇంత" అని రాసి, కావాలనే ఒక తప్పు చేసి చూడాలి.

నస్రీన్_మెహదీపట్నం
కావాలని తప్పా! మా టీంలో ఒకాయన నిజంగానే సరిదిద్దుతాడు. నమ్మకం 100.

సుధ_తార్నాక
అయితే చీటీలో రెండో ప్రశ్న మీకు ముఖ్యం, సరిదిద్దాక ఏమైంది? ఒకవేళ ఆయన నిజంగానే అందరి ముందూ చిన్నబుచ్చే మనిషైతే అది మీ భయం తప్పు కాదు. అతని ముందు సాధన చేయకండి, వేరే మీటింగు ఎంచుకోండి.

శ్రావణి_నల్లకుంట
రాత్రంతా కూర్చుని మళ్లీ రాశాను. చూడండి.

మొదటి వారం ఒంటరిగా నిమిషం రికార్డింగు, రెండు భాషల్లో, చీటీతో. 14416 పేరా ఇందులోనే. రెండో వారం ఒక్క మనిషి ముందు అదే మాట, ఊపిరి గురించి ఆ రెండు వాక్యాలు ఇక్కడ. మూడో వారం వీడియో, చూసేముందు చీటీ. మనకు లోపల అనిపించినంతగా బయటికి కనపడదనే సంగతి ఇక్కడ రాస్తాను. 2003లో సావిట్స్కీ, గిలోవిచ్ అనే సైకాలజిస్టుల ప్రయోగం గురించి ఎక్కడో చదివాను, ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పినవాళ్లు మెరుగ్గా మాట్లాడారట. నాలుగో వారం రోజూ ఉండే చోటే ఒక వాక్యం: క్లాసు, మీటింగు, అపార్ట్‌మెంట్ సమావేశం. ఇక్కడ ఎక్కువమంది ఆగుతారు కాబట్టి సగానికి కోసిన మెయిల్ ఇంకొకటి తయారుగా ఉంచుకుంటున్నా. ఐదో వారం ఊతకర్రలు, ఒక్కొక్కరు తమది తామే పట్టుకోవాలి. ఆరో వారం కావాలని మాట మధ్యలో ఐదు సెకన్లు ఆగడం. ఏడో వారంలో ప్రసంగం అల్లడం, ఒకే విషయం, రెండు నిమిషాలు, అట్టముక్క మీద నాలుగు పదాలు, మొదటి రెండు వాక్యాలు నోటికి. స్లైడ్ల వారం తీసి పారేశాను. ఎనిమిదో వారం నలుగురైదుగురు తెలియనివాళ్ల ముందు.

ఈ ఎనిమిదో దానికే చోటు దొరకడం లేదు. ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు అతిథిగా వెళ్లమందామా, లామకాన్‌లో ఎవరైనా వేదికెక్కే ఓపెన్ మైక్‌కు పొమ్మందామా?

సుధ_తార్నాక
క్లబ్బు మేలు. అక్కడ అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే భాగం ఉంటుంది, అతిథులనూ అడుగుతారు, వద్దంటే బలవంతం చేయరు. కానీ అక్కడ ప్రతి మాటకూ చప్పట్లు, ఎవరో "ఆఁ", "ఊఁ"లు లెక్కపెడుతుంటారు. మీ వాళ్లలో కొందరికి ఆ లెక్క ఇంకో భయం అవుతుంది, ముందే చెప్పి పంపండి. ఓపెన్ మైక్‌లో జనం నవ్వుకోవడానికి వస్తారు, మొదటిసారికి వద్దు.

కిరణ్_మియాపూర్
ఐదు సెకన్లు ఆగడం ఇవాళ మా మీటింగులో చేసి చూశాను. చీటీలో "ఎవరో ఒకరు నెట్ పోయిందా అంటారు, నమ్మకం 60" అని రాసుకున్నా. మూడో సెకనుకే మా మేనేజర్ "కిరణ్, యూ ఆర్ ఆన్ మ్యూట్" అన్నాడు. దీన్ని జరిగినట్టు రాయాలా, జరగనట్టా?

బోడుప్పల్_బాబాయ్
ఆదివారం మా కాలనీ సర్వసభ్య సమావేశం. నీళ్ల ట్యాంకరు లెక్కలు నేనే చెప్తానని అధ్యక్షుడికి ఫోన్ చేసి చెప్పేశా. పెళ్లి కార్డు మీద నాలుగు పదాలు రాశా, అది ఐదైంది. చీటీ కూడా రాశాను సుధమ్మా: "పిల్లలు నవ్వుతారు, నమ్మకం 75." సమావేశానికి పిల్లలు రారని మా ఆవిడ ఇప్పుడే చెప్పింది. పిలవమంటారా?